వాళ్ళ పేరు వాళ్ళకే తెలుసు

నాన్నగారికి ఉత్తరాదికి బదిలీ అయినప్పుడు కొత్త తరగతిలో మనకు మొదట దొరికేది పుస్తకం కాదు, ఒక పేరు. మనది గుంటూరైనా, వరంగల్ అయినా అక్కడ మనం "మద్రాసీ"లమే. మనం తెలుగువాళ్ళమని ఎన్నిసార్లు చెప్పినా ఆ పేరు ఒక పట్టాన వదలదు. ఎదుటివాళ్ళు పెట్టిన పేరు ఎంత ఇరుకుగా ఉంటుందో మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

అదే పని మనం కూడా కాగితం మీద, తెలియకుండా చేస్తూ ఉంటాం. చరిత్ర ప్రాజెక్టులో ఒక చిన్న మతశాఖ గురించి రాయాల్సి వచ్చినప్పుడు, ఆ శాఖవారిని వాళ్ళ శత్రువులు ఏమని పిలిచారో ఆ పేరునే దించేస్తాం. ఇది ఎలా జరుగుతుందో, ఎలా సరిదిద్దుకోవాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

పదకొండో తరగతి ప్రాజెక్టులో ఇలా రాశామనుకోండి: "1090లో హసన్ అనే కపట గురువు అలముత్ కోటను ఆక్రమించి, హషీష్ మత్తులో ముంచిన హంతకుల ముఠాను తయారు చేశాడు. 1256లో మంగోలులు ఈ మతభ్రష్టులను అంతం చేశారు." చదవడానికి జోరుగానే ఉంది. అయితే ఇందులో పేర్లు ఎక్కడివో ఒక్కొక్కటిగా అడగాలి.

ముందు అసలు సంగతి. ఇస్మాయిలీలు షియా ముస్లింలలో ఒక శాఖ. కైరో నుంచి పాలించిన ఫాతిమీ ఖలీఫాలు వారి ఇమాములు. 1094లో ఖలీఫా ముస్తన్‌సిర్ మరణించాక వారసత్వపు తగవు వచ్చింది. మంత్రి అల్-అఫ్దల్ చిన్న కొడుకు ముస్తాలీని గద్దె మీద కూర్చోబెట్టాడు. పెద్ద కొడుకు నిజార్ తిరుగుబాటు చేసి ఓడిపోయి, ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇరాన్‌లోని ఎల్బుర్జ్ కొండల మీద అలముత్ కోటలో ఉన్న హసన్-ఎ-సబ్బాహ్, అతని అనుచరులు నిజార్ పక్షం వహించారు. వారే నిజారీ ఇస్మాయిలీలు.

ఇప్పుడు "హషీష్" మాట. ఈ శాఖవారిని "హషీషీలు" అనడం మనకు తెలిసినంతలో 1120ల్లో కైరో నుంచి వెలువడిన ఒక లేఖలో మొదటిసారి కనిపిస్తుంది. అంటే వాళ్ళతో వారసత్వం కోసం తగవుపడిన పక్షమే ఆ పేరు పెట్టింది. అలగా జనం, నీతి లేనివాళ్ళు అని ఈసడించడానికి వాడిన మాట అది. వాళ్ళు నిజంగా హషీష్ తీసుకున్నారని ఆనాటి శత్రువుల రాతల్లో కూడా సాక్ష్యం లేదు. సిరియాలో ఆ తిట్టును విన్న క్రూసేడ్ సైనికులు దాన్ని యూరప్‌కు మోసుకుపోయారు. అక్కడ దాని చుట్టూ మత్తుమందుల కథలు, రహస్య తోటల కథలు అల్లుకున్నాయి. ఇంగ్లీషులో హంతకుడికి వాడే "అసాసిన్" అనే మాట పుట్టింది అక్కడే. ఒక్క తిట్టు కథగా మారింది, కథ చరిత్రగా మారింది, చివరికి మన ప్రాజెక్టులోకి వచ్చింది.

"మతభ్రష్టులు" అనే మాట "ములాహిదా" అనే పదానికి అర్థం. పర్షియన్ చరిత్రకారుడు జువైనీ వారిని అలాగే పిలిచాడు. అతను అలముత్‌ను పడగొట్టిన హులాగు కొలువులో పనిచేసినవాడు. కోటలోని గ్రంథాలయంలో ఖురాన్ ప్రతులు, ఖగోళ పరికరాలు తీసి పక్కన పెట్టి, ఆ శాఖ సిద్ధాంత గ్రంథాలను తగలబెట్టించానని తానే రాసుకున్నాడు. పుస్తకాలు కాలిపోయాయి, కాల్చినవాడు పెట్టిన పేరు మిగిలింది. అందుకే చిన్న శాఖల విషయంలో పాత గ్రంథాల్లో ఎక్కువగా దొరికే పేరే సరైన పేరని అనుకోకూడదు.

మరి వాళ్ళు తమను తాము పిలుచుకున్న పేరు వాడేస్తే సరిపోతుందా? ఇక్కడ కొంచెం జాగ్రత్త కావాలి. వాళ్ళు తమ ఉద్యమాన్ని "సన్మార్గం చూపే పిలుపు" అనే అర్థం వచ్చే పేరుతో పిలుచుకున్నారు. దాన్ని మన మాటగా రాస్తే వాళ్ళ మార్గమే సన్మార్గమని మనం తీర్పు చెప్పినట్టవుతుంది. తిట్టు ఎలా తీర్పో, పొగడ్త కూడా అలాగే తీర్పు. "నిజారీ ఇస్మాయిలీలు" అనే పేరులో ఆ రెండూ లేవు. ఎవరి వారసత్వాన్ని వాళ్ళు ఒప్పుకున్నారో మాత్రమే అది చెబుతుంది. ఈనాటి ఆ శాఖవారు దాన్ని తమ పేరుగా ఒప్పుకుంటారు, వారి విరోధులు చదివినా ఎవరి గురించో అర్థమవుతుంది. తటస్థమైన పేరును పట్టుకునే పరీక్ష ఇదే.

మన దేశంలో చాలామంది నిజారీలు ఖోజా సముదాయానికి చెందినవారు. అలాగని "ఖోజాలు" అని రాసినా తప్పే. ఖోజాల్లో ఇతర శాఖలవారూ ఉన్నారు, నిజారీల్లో ఖోజాలు కానివారూ ఉన్నారు. మర్యాదైన పేరైనంత మాత్రాన సరైన పేరు కాదు.

ఇప్పుడు మన వాక్యాలను తిరగరాద్దాం: "1090లో ఇస్మాయిలీ నాయకుడు హసన్-ఎ-సబ్బాహ్ అలముత్ కోటను వశం చేసుకున్నాడు. 1094 నాటి వారసత్వపు తగవులో అతని వర్గం నిజార్ పక్షాన నిలిచి నిజారీ ఇస్మాయిలీలుగా పేరు పొందింది. ఫిదాయీలు అనే వీరి అనుచరులు కొందరు శత్రు నాయకులను హత్య చేశారు. 1256లో మంగోలులు అలముత్‌ను పడగొట్టారు."

మొదటి వాక్యంలో "నిజారీ" అని రాయలేదు, గమనించండి. 1090 నాటికి ఆ చీలిక ఇంకా రాలేదు. హత్యలను దాచిపెట్టలేదు కూడా. తటస్థంగా రాయడమంటే తప్పులు కప్పిపుచ్చడం కాదు. చేసినవాళ్ళు ఫిదాయీలు కొందరే కాబట్టి పనిని వారికే అంటగట్టాం, శాఖ మొత్తానికి హంతకులని పేరు పెట్టలేదు. ఇక చివరి మార్పు అన్నిటికన్నా ముఖ్యం. "అంతం చేశారు" అన్నది అబద్ధం. నిజారీలు ఈనాటికీ ఉన్నారు, ఆగా ఖాన్ వారి ఇమాము. తిట్టును తీసేసి చూసేసరికి దాని వెనక దాగిన తప్పు బయటపడింది.

పాత మాట తప్పనిసరిగా రాయాల్సిన చోట్లు ఉంటాయి. జువైనీ మాటలను ఉదహరిస్తుంటే అతని పదం మార్చకూడదు. కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ఆ మాట ఎవరిదో అక్కడే చెప్పాలి. పుస్తకం పేరులో ఉంటే అలాగే ఉంచాలి. మార్షల్ హాడ్జ్‌సన్ 1955లో వీరిపై రాసిన ప్రసిద్ధ గ్రంథం పేరులోనే "అసాసిన్స్" అని ఉంది. లైబ్రరీలో వెతికేటప్పుడు పాత పేరుతో కూడా వెతకాలి, లేకపోతే సగం పుస్తకాలు దొరకవు. వెతకడానికి పనికొచ్చిన మాటంతా రాయడానికి పనికిరాదు, అంతే తేడా.

హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధులను, ఢిల్లీలో హుమాయూన్ సమాధిని మీలో చాలామంది చూసే ఉంటారు. రెండు చోట్లా మరమ్మతు పనులు చేసిన సంస్థ ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్. మీ తరగతిలో ఒక నిజారీ ఇస్మాయిలీ అమ్మాయి ఉందనుకోండి. మీ ప్రాజెక్టును ఆమె ముందు, ఏ మాటా మింగకుండా, పైకి చదవగలరా? చదవలేని మాట ఏదైనా ఉంటే దాని కింద పెన్సిల్‌తో గీత గీసి, అది మొదట ఎవరి నోట పుట్టిందో వెతకండి.