చిన్న ఫిక్సులు 23, రిలీజ్ నోట్స్ రెండు: బెల్లం బిల్లింగ్ ఉదాహరణతో

ఇవాళ రిలీజ్ నోట్స్ గురించి మాట్లాడుకుందాం. రెండు వారాల స్ప్రింట్ అయిపోయింది. కొత్త ఫీచర్ ఒక్కటీ లేదు, అన్నీ చిన్న చిన్న ఫిక్సులే, మొత్తం 23. ఇలాంటప్పుడు చాలామంది "బగ్‌లు సరిచేశాం, పనితీరు మెరుగుపరిచాం" అని ఒక్క లైన్ రాసి వదిలేస్తారు. మర్నాడు పొద్దున్నే సపోర్ట్ వాళ్ల ఫోన్ మోగుతుంది. ఏం మారిందో వాళ్లకే తెలియదు, ఇక కస్టమర్‌కి ఏం చెప్తారు?

ఒక ఉదాహరణ అనుకుందాం. మన అనకాపల్లి బెల్లం మార్కెట్లో కమిషన్ వ్యాపారులు వాడే బిల్లింగ్ యాప్. వేలం అయ్యాక దిమ్మలు కాటా వేసి, లాట్ల వారీగా బిల్లు కొడతారు. స్ప్రింట్ చివర డెవలపర్లు ఇచ్చే లిస్టు ఇలా ఉంటుంది:

```
Fix rounding in commission calc
Fix name truncation on 58mm print
Refactor sync retry
```

దీన్ని తెలుగులోకి మార్చేస్తే అది రిలీజ్ నోట్ అయిపోదండీ. ముందు ప్రతి ఫిక్స్‌నీ ఒక ప్రశ్న అడగాలి: దీనివల్ల కస్టమర్ చూసే అంకెగానీ, చేసే పనిగానీ మారుతుందా? మన 23లో 14 లోపలి పనులు, బయట ఎవరికీ కనబడవు. అవి నోట్స్‌లో అక్కర్లేదు. ఇంకో 7 కస్టమర్లు ఫిర్యాదు చేసినవి, ఇప్పుడు బాగయ్యాయి. ఒక్కోదానికి ఒక లైన్ చాలు. మిగిలిన 2 ఉన్నాయి చూశారూ, గొడవలు వచ్చేది వాటితోనే.

మొదటిది రౌండింగ్. కమిషన్ 2 శాతం అనుకుందాం. మూడు లాట్ల విలువలు ₹4,270, ₹5,320, ₹3,990. కమిషన్ ₹85.40, ₹106.40, ₹79.80 వస్తుంది. పాత వెర్షన్ ప్రతి లాట్‌కీ విడిగా రూపాయికి సర్దేది: 85, 106, 80, మొత్తం ₹271. కొత్తది ముందు మొత్తం కూడి, చివర్లో ఒక్కసారే సర్దుతుంది: ₹271.60, అంటే ₹272. తేడా ఒక్క రూపాయే. కానీ "నిన్న 271, ఇవాళ 272 ఏంటి?" అని అడిగే వ్యాపారికి సమాధానం ఉండాలి కదా.

కస్టమర్ నోట్‌లో ఇలా రాయండి: "ఇకపై కమిషన్‌ని బిల్లు మొత్తం మీద ఒకేసారి రూపాయికి సర్దుతాం. ఒకటికి మించి లాట్లున్న బిల్లులో ఒకటి రెండు రూపాయల తేడా కనబడవచ్చు." సపోర్ట్ నోట్‌లో పైన చెప్పిన లెక్క మొత్తం పెట్టండి. దాంతోపాటు ఇంకో సంగతి డెవలపర్‌ని అడిగి మరీ రాయాలి: పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే 271 వస్తుందా, 272 వస్తుందా? సేవ్ చేసిన మొత్తమే ప్రింట్ అయితే ఇబ్బంది లేదు. మళ్లీ లెక్కకట్టి ప్రింట్ చేస్తుంటే మాత్రం, కొనుగోలుదారు చేతిలో ఒక అంకె, వ్యాపారి దగ్గర ఇంకో అంకె. అలాగైతే నోట్ రాయడం కాదు, ఆ ఫిక్స్‌నే ఆపాలి.

రెండోది రైతు పేరు. చిన్న ప్రింటర్ స్లిప్ మీద పొడవాటి పేరు సగంలో తెగిపోయేది. అప్పట్లో సపోర్ట్ వాళ్లే "పేరు చివరి భాగం ఊరి గడిలో టైప్ చేయండి" అని ఉపాయం చెప్పారు. ఇప్పుడు పేరు పూర్తిగా వస్తోంది. దాంతో ఆ ఉపాయం వాడినవాళ్ల స్లిప్ మీద పేరు చివర రెండుసార్లు పడుతుంది! బాగుచేసిందే కొత్త ఫిర్యాదు అయింది. అందుకే సపోర్ట్ నోట్‌లో "ఏం బాగైంది" పక్కనే "ఏ పాత సలహా ఇక చెప్పకూడదు" అని ఉండాలి. ఊరి గడి సరిచేసుకోమని ఎవరెవరికి ఫోన్ చేయాలో పాత టికెట్లలో దొరుకుతుంది.

ఇక వెర్షన్ సంగతి. ప్లే స్టోర్‌లో రిలీజ్‌ని దశలవారీగా, కొంత శాతం మందికి ముందు ఇవ్వొచ్చు. అంటే ఒకే రోజు పక్కపక్క కొట్లలో ఒకరి దగ్గర 271, ఇంకొకరి దగ్గర 272 రావచ్చు. కాబట్టి నోట్‌లో తేదీ ఒక్కటే సరిపోదు, వెర్షన్ నంబర్, అది యాప్‌లో ఎక్కడ కనబడుతుందో కూడా రాయండి. సపోర్ట్ వాళ్లు ముందు అడగాల్సింది అదే. ప్లే స్టోర్ నోట్‌కి ఒక్కో భాషలో 500 అక్షరాలే పరిమితి. తెలుగుది ఈ ట్యాగుల మధ్య పెడతారు:

```
<te-IN>
కమిషన్ రౌండింగ్ మారింది...
</te-IN>
```

తెలుగులో గుణింతాలు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి, జాగా తొందరగా అయిపోతుంది. అందుకని ఆ రెండు మార్పులూ ముందు పెట్టి, ఆ తర్వాతే బాగైన ఏడూ రాయండి.

రిలీజ్‌కి ఒకరోజు ముందు ఆ నోట్‌ని సపోర్ట్‌లో ఒకరికిచ్చి, "బిల్లులో రూపాయి ఎక్కువొచ్చిందండీ" అని కస్టమర్‌లా ఫోన్ చేయండి. డెవలపర్‌ని అడక్కుండా సమాధానం చెప్పగలిగితే నోట్ సరిపోయినట్టే. లేదంటే ఎక్కడ ఆగారో అక్కడ ఇంకో వాక్యం కావాలి.

సరేనండీ, మీ దగ్గర ఇలా ఫిక్స్ చేశాక పుట్టిన ఫిర్యాదులుంటే కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.