టేపు పెట్టాకే రేటు

రెండు నైలాన్ బ్రష్షులు, పచ్చ స్క్రబ్బరు, బకెట్, వైపరు, గ్లౌజులు, నిమ్మ ఉప్పు, బట్టల సోడా. ఇళ్లలో డీప్ క్లీనింగ్ పని మొదలుపెట్టడానికి ఇవి చాలు. ఇబ్బంది సామాన్ల దగ్గర రాదు, రేటు చెప్పే దగ్గర వస్తుంది. చాలామంది నేల కొలతతోనే లెక్క కట్టేస్తారు. బాత్‌రూమ్‌లో అసలు శ్రమ గోడలది.

ఎనిమిది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు బాత్‌రూమ్ తీసుకోండి. నేల 40 చదరపు అడుగులు. చుట్టుకొలత 26 అడుగులు. టైల్స్ ఏడడుగుల దాకా ఉంటే గోడలు 182, తలుపు తీసేస్తే సుమారు 165. నేలతో కలిపి 205. అడుగుకు 4 రూపాయలు అనుకుంటే 820 రూపాయలు. అదే సైజు గదిలో టైల్స్ నాలుగడుగులే ఉంటే మొత్తం 134 అడుగులు, 536 రూపాయలు. నేల చూసి ఒకే రేటు చెప్పినవాడు మొదటి ఇంట్లో నష్టపోతాడు, లేదా గోడలు సగంలో వదిలేస్తాడు.

టేపు ఒక్కటే సరిపోదు. బోరు నీళ్లున్న ఇళ్లలో కుళాయి కింద టైల్‌కు తెల్లటి పెచ్చు కడుతుంది. లీటరు వేడినీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ఒక్క టైల్ మీద పూసి, పది నిమిషాలాగి రుద్ది చూడాలి. గోరుకు ఇంకా గరుగ్గా తగిలితే రెండుసార్లు పని, రేటూ పెరగాలి. గోరు నున్నగా జారినా మెరుపు రాకపోతే పాత యాసిడ్ పైపూతను తినేసినట్టే. అది ఎంత రుద్దినా రాదని ఇంటివాళ్లకు ముందే చెప్పాలి, పనయ్యాక చెబితే సాకులా వినిపిస్తుంది. పాలరాయి మీద నిమ్మ ఉప్పు కూడా వద్దు, రాయి మసకబారుతుంది.

వంటగదికి గది కొలత అంతగా పనికిరాదు. పొయ్యి చుట్టూ గోడ, చిమ్నీ, అల్మరాలు లెక్కపెట్టుకోవాలి. జిడ్డుకు వేడినీళ్లు, బట్టల సోడా సరిపోతాయి, కానీ అల్యూమినియం గిన్నెలకు సోడా తగిలితే నల్లబడతాయి.

నీళ్ల ట్యాంకుకు లీటర్ల లెక్క. నీళ్లు వదిలేసి, అడుగు బురద మగ్గుతో తోడి, సబ్బు లేకుండా రుద్దాలి. ఆ తర్వాత పది లీటర్ల నీళ్లలో రెండు చిన్న చెంచాల బ్లీచింగ్ పౌడర్ కలిపి, పైన తేరిన నీళ్లతో గోడలు తడిపి, అరగంటాగి రెండుసార్లు కడగాలి. గడ్డకట్టిన పాత పౌడర్‌లో పస ఉండదు. బ్లీచింగ్‌ను యాసిడ్‌తో గానీ నిమ్మ ఉప్పుతో గానీ కలపనే కూడదు, క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరాడదు.

నేలలోని సంపు వేరే కథ. లోపల గాలి చాలకపోవచ్చు, కాబట్టి ఒంటరిగా దిగకూడదు. పైన కాపలాకు ఇంకో మనిషి కూలీ కూడా కలిపే రేటు చెప్పాలి. బేరంలో ఆ కూలీ తగ్గించమంటే, పని వదులుకోవడమే మేలు.