సాయంత్రం బ్యాచ్ ఎవరికి?

విజయవాడలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఒక అబ్బాయిని ఊహించుకుందాం. ఉదయం తొమ్మిదికి కాలేజీ, రెండింటికి ఇంటికొచ్చి అన్నం తింటాడు. నాలుగు నుంచి రాత్రి తొమ్మిది దాకా మొబైల్ షాపులో పని. కోడింగ్ నేర్చుకోవాలని ఉంది. ఖాళీ దొరికినప్పుడు ఫోన్లో వెతుకుతాడు. ఏ ఇన్‌స్టిట్యూట్ పేజీ తెరిచినా ‘పని చేసేవారి కోసం ప్రత్యేకంగా ఈవెనింగ్ బ్యాచ్, సాయంత్రం 6 గంటలకు’ అనే ఉంటుంది. ఆ సమయానికి అతను కౌంటర్ దగ్గర నిలబడి ఉంటాడు.

పని చేసేవాళ్లంటే ఆఫీసు ఉద్యోగులేనన్న లెక్కతో రాయడం వల్ల వచ్చే చిక్కు ఇది. ఉద్యోగికి పగలంతా పని, సాయంత్రం తీరిక. పని చేసుకుంటూ చదువుకునే విద్యార్థికి పగలు కాలేజీ, సాయంత్రమే పని. షాపులు, డెలివరీలు, హోటళ్లు, ట్యూషన్లు, ఈ పనుల్లో చాలావరకు జనం బయటికొచ్చే సాయంత్రం వేళే నడుస్తాయి. కాబట్టి ఇలాంటి విద్యార్థుల కోసం కోర్సు పెట్టి, దానికో ల్యాండింగ్ పేజీ తయారుచేసేటప్పుడు, పేజీ రంగులకన్నా ముందు తేల్చుకోవలసింది టైటిల్‌లో, డిస్క్రిప్షన్‌లో ఏం రాయాలన్నది. చాలామంది పేజీ తెరవకముందు చూసేది ఆ రెండు ముక్కలే. వెళ్లాలా, వద్దా అని నిర్ణయించుకునేదీ అక్కడే.

టైటిల్ అంటే పేజీ లోపల పెద్ద అక్షరాలతో కనిపించే శీర్షిక కాదు. పేజీ కోడ్‌లో పైభాగాన విడిగా రాసే మాట అది. గూగుల్‌లో వెతికినప్పుడు నీలిరంగులో కనిపించే లైను సాధారణంగా అక్కడి నుంచే వస్తుంది, బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించేదీ అదే. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే రెండు మూడు లైన్లకు మనం రాసిచ్చే వాక్యాలే డిస్క్రిప్షన్. గూగుల్ దీన్ని ఉన్నదున్నట్టు వాడితీరాలని ఏమీ లేదు. వెతికినవాళ్ల మాటలకు పేజీలోని వేరే వాక్యం బాగా సరిపోతుందనుకుంటే దాన్నే చూపిస్తుంది. డిస్క్రిప్షన్ బాగా రాసినంత మాత్రాన పేజీ పైకి రాదు కూడా. కనిపించిన చోట మనిషిని ఆపి చదివించడమే దాని పని.

ఇప్పుడు మన అబ్బాయి ఊళ్లోని ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్ పేజీకి ఇలాంటి టైటిల్ ఉందనుకుందాం:

```html
<title>Home | No.1 Best Python Training, Python Course, Python Classes | 100% Job Guarantee</title>
```

మొదటి మాట ‘హోమ్’ ఎవరికీ ఏమీ చెప్పదు. చదివేవాడి కళ్లు ముందుగా పడే చోటు అలా వృథా అయింది. తర్వాత పైథాన్ అన్న పేరు మూడుసార్లు వచ్చింది. అలా రాస్తే గూగుల్‌లో పైకి వస్తామన్నది పాత నమ్మకం. ఒకే మాటను పదేపదే కుక్కిన టైటిల్‌ను గూగుల్ పక్కన పెట్టి, పేజీలోని శీర్షిక నుంచో మరోచోటి నుంచో తనే వేరే టైటిల్ తయారుచేసి చూపించవచ్చు. ఇంత పొడుగు టైటిల్ ఫోన్లో పూర్తిగా పట్టదు కూడా, చివర చుక్కలతో తెగిపోతుంది. ఇక్కడ తెగిపోయేది ఉద్యోగం హామీ. నిజానికి అసలు ఉండకూడనిదీ అదే.

ఆ హామీ ఎందుకు ఉండకూడదో కొంచెం వివరంగా చెప్పాలి. కోచింగ్ రంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలను ఆపడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. కోర్సు కాలం, ఫీజు, ఎంపికల శాతం, ఉద్యోగ హామీ లాంటి విషయాల్లో తప్పుడు మాటలు చెప్పకూడదని వాటిలో ఉంది. లేని తొందర పుట్టించడానికి సీట్లు అయిపోతున్నాయని రాయడమూ కుదరదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, షాపులో నిలబడి సంపాదించిన డబ్బు తెచ్చి ఫీజు కట్టే పిల్లవాడికి మూడు నెలల బేసిక్ కోర్సుతో నూటికి నూరు శాతం ఉద్యోగం అని చెప్పడం అన్యాయం. అన్నీ బాగా నేర్చుకున్నా అతనింకా మొదటి మెట్టు మీదే ఉంటాడు. అది టైటిల్ రాసేవాళ్లకు తెలుసు, చదివేవాడికి తెలియదు.

మరి ఏం రాయాలి? అందుకు ముందు కోర్సు వివరాలు తేలాలి. మన ఉదాహరణలో ఇన్‌స్టిట్యూట్ వాళ్లు విద్యార్థులతో మాట్లాడి బ్యాచ్‌ను ఉదయం ఆరున్నరకు మార్చారనుకుందాం. వారానికి నాలుగు రోజులు, రోజుకు గంట. పన్నెండు వారాలకు మొత్తం 48 గంటల క్లాసులు. రాత్రి షాపులో ఆలస్యమైతే పొద్దున లేవలేకపోవచ్చు కాబట్టి మిస్సయిన క్లాసు వీడియో అదే రోజు ఇస్తారు. ల్యాప్‌టాప్ లేనివాళ్లకు ఆదివారం ల్యాబ్ తెరిచి ఉంటుంది. ఫీజు ₹4,500, రెండు వాయిదాల్లో కట్టవచ్చు. ఇవన్నీ తేలాక టైటిల్ ఇలా మారింది:

```html
<title>జీరో నుంచి Python: జాబ్ చేస్తూ చదివేవాళ్లకు ఉదయం బ్యాచ్ | విజయవాడ</title>
```

‘జీరో నుంచి’ అనగానే కోడింగ్ తెలియనివాళ్లకని అర్థమవుతుంది. ఏం నేర్పుతారో వెంటనే ఉంది. ఎవరికోసమో ఆ తర్వాత ఉంది. ‘ఉదయం బ్యాచ్’ అన్న రెండు మాటలు మన అబ్బాయి కోసమే రాసినట్టున్నాయి. సాయంత్రం బ్యాచ్‌లు చూసి చూసి విసిగిన కళ్లు ఇక్కడ ఆగుతాయి. పైథాన్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచడానికి కారణం ఉంది. తెలుగులో పాఠం కావాలనుకునేవాళ్లు కూడా వెతికేటప్పుడు చాలాసార్లు `python course telugu` అనే కొడతారు. కొట్టిన మాట కళ్లెదుట అలాగే కనిపిస్తే దొరికిందన్న నమ్మకం కలుగుతుంది.

డిస్క్రిప్షన్ రాయడానికి అన్నిటికన్నా మంచి దారి ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చే ఫోన్ కాల్స్ వినడం. విచారించేవాళ్లు సిలబస్ గురించి అడిగేది తక్కువ. క్లాసు ఎన్నింటికండీ, కోడింగ్ అసలు రాదు చేరొచ్చా, ఒకరోజు రాకపోతే ఎలా, ఫీజు ఒకేసారి కట్టాలా అని అడుగుతారు. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులే డిస్క్రిప్షన్:

```html
<meta name="description" content="కోడింగ్ అసలు రాకపోయినా చేరవచ్చు. వారానికి 4 రోజులు, ఉదయం 6:30 నుంచి 7:30. మిస్సయిన క్లాసు వీడియో అదే రోజు. 12 వారాలు, ఫీజు ₹4,500, రెండు వాయిదాలు.">
```

ఇందులో గొప్పలు ఒక్కటీ లేవు. ‘అనుభవజ్ఞులైన అధ్యాపకులు’, ‘అత్యాధునిక ల్యాబ్’ లాంటి మాటలు ప్రతి ఇన్‌స్టిట్యూట్‌వాళ్లూ రాస్తారు కాబట్టి వాటిని చూసి ఎవరూ ఏదీ తేల్చుకోలేరు. ఫీజు ముందే చెప్పేస్తే జనం రారేమోనని కొందరు వెనకాడతారు. నా అభిప్రాయం వేరు. సమయమూ డబ్బూ రెండూ కొలిచి వాడుకునేవాళ్లకు అంకె కనిపించకపోతే అది తమకు అందనంత ఎక్కువేమోనని పక్కకు పోతారు. ఇక ల్యాబ్ సంగతి ఇక్కడ పట్టలేదు కాబట్టి పేజీ మొదట్లోనే రాయాలి. పన్నెండు వారాల తర్వాత ఏం చేయగలుగుతారన్నదీ అక్కడే చెప్పాలి. ‘షాపు రోజువారీ అమ్మకాల ఫైలు చదివి మొత్తం లెక్కకట్టే చిన్న ప్రోగ్రామ్ మీరే రాస్తారు’ అంటే, కోడింగ్ ఎలా ఉంటుందో తెలియని మనిషికి కూడా ఒక రూపు కనిపిస్తుంది.

తెలుగులో రాసేటప్పుడు పొడవు దగ్గర ఒక ఇబ్బంది వస్తుంది. టైటిల్ 60 అక్షరాలు దాటకూడదని ఇంగ్లీషులో ఒక అంచనా వాడుకలో ఉంది. గూగుల్ అలాంటి హద్దేదీ పెట్టలేదు. తెరమీద ఎంత వెడల్పు ఉంటే అంత చూపించి మిగతాది కోసేస్తుంది. పైగా తెలుగు అక్షరాలను కంప్యూటర్ లెక్కపెట్టే పద్ధతి వేరు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు. అందుకే అక్షరాలు లెక్కపెట్టే సాధనాలు తెలుగు టైటిల్ పొడుగైపోయిందని చెప్పినా కంగారుపడి మంచి మాట తీసేయనక్కరలేదు. మామూలు ఫోన్లో ఎంతవరకు కనిపిస్తోందో చూసుకుంటే చాలు. ఒకవేళ చివర తెగినా అర్థం చెడకూడదు. పై టైటిల్‌లో ‘విజయవాడ’ తెగిపోయినా పెద్ద నష్టం లేదు, ‘ఉదయం బ్యాచ్’ తెగితే ఉంది. అందుకే ఊరి పేరు చివరన పెట్టాం.

గూగుల్ కన్నా ఎక్కువగా ఇలాంటి కోర్సుల లింకులు తిరిగేది కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో. లింకు పంపినప్పుడు దానితో వచ్చే చిన్న పెట్టెలోని మాటల కోసం వాట్సాప్ ముందుగా చూసేది వేరే ట్యాగులను:

```html
<meta property="og:title" content="జాబ్ చేస్తూ చదువుతున్నారా? ఉదయం 6:30కి Python">
<meta property="og:description" content="జీరో నుంచి, 12 వారాలు. విజయవాడ.">
```

గూగుల్‌లో చూసేవాడు తనే వెతుక్కుంటూ వచ్చాడు, కాబట్టి కోర్సు పేరు ముందుండాలి. గ్రూపులో చూసేవాడు దేన్నీ వెతకడం లేదు. వంద మెసేజ్‌ల మధ్య ఇది తన సంగతేనని అనిపిస్తేనే ఆగుతాడు. అందుకే ఇక్కడ మనిషి ముందు, కోర్సు తర్వాత. చోటు కూడా తక్కువే, మాటలు ఇంకా తగ్గాలి.

రాసింది పని చేస్తోందో లేదో సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ ఉచిత సాధనంలో తెలుస్తుంది. పేజీ ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కారు, ఏ మాటలు కొట్టి వచ్చారు అన్నవి అందులో ఉంటాయి. చాలాసార్లు కనిపించినా నొక్కేవాళ్లు కొద్దిమందే అయితే, ముందు ఏ మాటలకు కనిపించిందో చూడాలి. మనకు సంబంధం లేని వెతుకులాటలో కనిపిస్తే తప్పు టైటిల్‌ది కాకపోవచ్చు. సరైన మాటలకే కనిపించి నొక్కకపోతే అప్పుడు టైటిల్ మార్చాలి. నొక్కినవాళ్లు చాలామంది ఉండి చేరేవాళ్లు లేకపోతే, బయట చెప్పినదానికీ లోపల ఉన్నదానికీ తేడా ఉందేమో చూసుకోవాలి. ‘ఉదయం బ్యాచ్’ చూసి వచ్చినవాడికి లోపల ‘త్వరలో ప్రారంభం’ అని కనిపిస్తే వెనక్కి పోతాడు. మార్పు చేశాక గూగుల్‌లో అది కనిపించడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. రోజూ మార్చుకుంటూ పోతే ఏది పనిచేసిందో తేలదు.

బ్యాచ్ మొదలయ్యే తేదీని మాత్రం టైటిల్‌లోనూ డిస్క్రిప్షన్‌లోనూ పెట్టకండి. గ్రూపుల్లో ఒకసారి వెళ్లిన లింకు పెట్టెలో పాత మాటలు అలాగే ఉండిపోతాయి. పేజీలో తేదీ మార్చినా అక్కడ మారదు. గడిచిపోయిన తేదీ చూసినవాడు ఇక అయిపోయిందనుకుంటాడు. తేదీ పేజీ లోపల, ఫీజు పక్కన ఉంటే సరిపోతుంది. సెమిస్టర్ పరీక్షల నెలలో క్లాసులు ఆపితే ఆ మాట కూడా అక్కడే రాయాలి.