కొత్త మార్పుకు పాత కారణమా?

వైద్య విద్యార్థులకు చెప్పడానికి కూర్చిన ఉదాహరణ ఇది. మనిషి కల్పితమే కానీ, ఇందులో జరిగేవన్నీ ఆసుపత్రుల్లో జరిగేవే.

26 ఏళ్ల అబ్బాయి. పుట్టుకతో బుద్ధిమాంద్యం. నాలుగైదు మాటలు తప్ప రావు. అయినా తన అన్నం తనే తింటాడు, సాయంత్రమైతే చెప్పులేసుకుని అమ్మతో గుడికి బయల్దేరతాడు. అలాంటివాడు మూడు వారాలుగా కంచం తోసేస్తున్నాడు. రాత్రిళ్లు నిద్రపోడు, దగ్గరికెళ్తే కొడుతున్నాడు. ఆసుపత్రిలో చీటీ మీద ‘బుద్ధిమాంద్యం’ అన్న మాట కనబడగానే సమాధానం దొరికిపోయినట్టయింది. ఇలాంటి పిల్లల్లో మొండితనం మామూలేనని చెప్పి రిస్పెరిడోన్ రాశారు. దానివల్ల చేతులు వణకకుండా, ఒళ్లు బిగుసుకుపోకుండా ట్రైహెక్సీఫెనిడిల్ కూడా జోడించారు. పొట్ట మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు.

కొట్టడం కొంత తగ్గింది, మగత వచ్చింది కాబట్టి. పది రోజులకు బట్టల్లో నీళ్లలాంటి విరేచనం అంటసాగింది. విరేచనాలనుకుని లోపెరమైడ్ ఇచ్చారు. పొట్ట ఉబ్బింది.

రెండో డాక్టరు మందుల జోలికి వెళ్లకుండా తల్లినే అడిగింది.

“ఇలా ఎప్పటినుంచమ్మా?”

“దసరా తర్వాత నుంచండీ. అంతకుముందు ఈగని కూడా కొట్టేవాడు కాదు.”

“దసరా ముందు కొత్తగా ఏదైనా మొదలుపెట్టారా?”

“రక్తం తక్కువుందని ఐరన్ బిళ్లలు ఇచ్చారండీ.”

అసలు చిక్కుముడి ఇక్కడ విడిపోయింది. బుద్ధిమాంద్యం 26 ఏళ్లుగా ఉంది. కొట్టడం దసరా తర్వాత వచ్చింది. పాతికేళ్లుగా మారకుండా ఉన్నది, కొత్తగా వచ్చిన మార్పుకు కారణమని చెబితే లెక్క కుదరదు.

డాక్టరు పొట్ట నొక్కి చూసింది. ఎడమవైపు కింద గట్టి ముద్ద చేతికి తగిలింది. మలద్వార పరీక్షలోనూ గట్టిపడ్డ మలమే. ఐరన్ బిళ్లలతో మలబద్ధకం మొదలైంది, ఆ నొప్పి చెప్పుకోలేక కొట్టాడు. కొడుతున్నాడని ఇచ్చిన ట్రైహెక్సీఫెనిడిల్ పేగుల కదలికను ఇంకా మందగింపజేసింది. గట్టి ముద్ద పక్కనుంచి పలుచటి మలం జారుతుంటే విరేచనాలనుకుని, కదలికను మరింత తగ్గించే మందు వేశారు. ఇలాంటప్పుడు వాంతులై, అపానవాయువు కూడా ఆగిపోతే పేగు మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రాణం మీదికి వస్తుంది.

ఇతనికి వాంతులు లేవు, ఎక్స్‌రేలో పేగు మూసుకుపోయిన గుర్తులూ లేవు. లోపెరమైడ్ ఆపారు. ఎనిమా ఇచ్చి, రోజూ నీళ్లలో కలిపి తాగే పాలీఎథిలీన్ గ్లైకాల్ పొడి మొదలుపెట్టారు. ఐరన్ మందు మార్చారు. మానసిక మందులను మాత్రం ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించారు. ఇంట్లో సొంతంగా చేయాల్సిన పని కాదది. కొన్నాళ్లకు కంచం దగ్గరికి తనే వచ్చాడు.

ఈ పొరపాటును డయాగ్నస్టిక్ ఓవర్‌షాడోయింగ్ అంటారు. 1982లో అమెరికాలో స్టీవెన్ రైస్, ఆయన సహచరులు మనస్తత్వ నిపుణులకు తీవ్రమైన భయంతో బాధపడే ఒక మనిషి వివరాలిచ్చారు. అవే వివరాలు, కానీ కొందరికి ఆ మనిషికి బుద్ధిమాంద్యం ఉందన్నారు. అలా విన్నవారు ఆ భయాన్ని మానసిక సమస్యగా గుర్తించడం తగ్గింది. లక్షణాలు మారలేదు, చూసే చూపు మారింది. నిపుణులకే అలా అనిపించినప్పుడు, రద్దీగా ఉన్న ఓపీలో నిమిషాల్లో తేల్చాల్సిన డాక్టరుకు అనిపించడంలో వింతేముంది?

చూపు దారితప్పడం ఎప్పుడూ గొడవతోనే జరగదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న 38 ఏళ్ల మహిళ నెలల తరబడి మందకొడిగా మారి, పనులు మరిచిపోతూ, ఎక్కువ నిద్రపోతోందనుకోండి. ఎవరినీ ఇబ్బంది పెట్టదు కనుక ఇంట్లోవాళ్లు ఆలస్యంగా తీసుకొస్తారు. డౌన్ సిండ్రోమ్‌లో అల్జీమర్స్ తొందరగా వస్తుందన్నది నిజమే, అందుకే ఆ పేరు డాక్టరు నోట త్వరగా వస్తుంది. అయితే థైరాయిడ్ లోపం కూడా వీరిలో చాలా ఎక్కువ. ముందు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాలి. అది సరిగా ఉంటే చెవిలో గులిమి, కంటిలో శుక్లం, నిద్రలో ఊపిరి ఆగడం, దిగులు వ్యాధి ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాలి. ఇవన్నీ చికిత్స ఉన్నవే. అల్జీమర్స్ మాట ఆ తర్వాతే.

ఒళ్లంతా వెతికినా ఏమీ దొరకని సందర్భాలూ ఉంటాయి. ఇంట్లో ఎవరో చనిపోయి ఉండవచ్చు, చూసుకునే మనిషి మారి ఉండవచ్చు, నిజంగానే మానసిక వ్యాధి కావచ్చు. ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి: మలబద్ధకం తగ్గాక కూడా కొట్టడం కొంత మిగిలితే దాని కారణం మళ్లీ వెతకాలి. ఆ వెతుకులాటకు డాక్టరు చేతిలో యంత్రాలకన్నా ఇంట్లోవాళ్ల కాగితమే ఎక్కువ పనికొస్తుంది. మామూలు రోజుల్లో ఎంత తింటాడు, ఎంతసేపు పడుకుంటాడు, ఎన్ని రోజులకోసారి దొడ్డికి వెళ్తాడు, నొప్పి వస్తే ముఖం ఎలా పెడతాడు, ఏ మందు ఏ తేదీన మొదలైంది అన్నవి రాసిపెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్తే, “ఎప్పటినుంచి?” అన్న ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది.