ఇంటి ఫోటోల పెట్టెకు ఒక్కటే వాకిలి

2022 జనవరిలో ప్రపంచంలో చాలా చోట్ల జనం తమ ఇంట్లోని క్యూనాప్ స్టోరేజీ పెట్టెను తెరవబోతే, మామూలు లాగిన్ పేజీ బదులు ఒక బెదిరింపు ఎదురైంది. ఫైళ్లకు తాళం పడింది, తీయాలంటే 0.03 బిట్‌కాయిన్ చెల్లించండి అని. దాని పేరు డెడ్‌బోల్ట్. అంతకు ముందు ఏడు, 2021 జూన్‌లో, వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ అనే పాత పెట్టెలు వాడుతున్నవారి ఫైళ్లు ఉన్నట్టుండి తుడిచిపెట్టుకుపోయాయి. ఆ మోడల్‌కు కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం 2015లోనే ఆగిపోయింది. రెండు సంఘటనల్లోనూ దెబ్బతిన్నవి ప్రధానంగా నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన పెట్టెలే. ఊరెళ్లినా ఇంటి ఫోటోలు చూసుకోవాలని యజమానులు రౌటర్‌లో ఒక పోర్ట్ తెరిచి, లాగిన్ పేజీని లోకం ముందు పెట్టారు. ఆ పేజీ వెనకున్న సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంటే, పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా ప్రయోజనం లేదు.

కోరిక మాత్రం సహజమైనదే. పెళ్లి ఆల్బమ్ స్కాన్లు, పిల్లల చిన్ననాటి వీడియోలు, ఇంటిల్లిపాది ఫోన్లలోంచి దిగిన వేల ఫోటోలు ఇంట్లో ఒక పెట్టెలో ఉంటాయి. మనం మాత్రం ఊరు కాని ఊళ్లో ఉంటాం. దీనికి సరైన దారి ఆ పెట్టెనే వీపీఎన్ సర్వర్‌గా మార్చడం. అప్పుడు ఫోటోల పేజీ బయటి లోకానికి కనిపించదు. బయటకు తెరిచేది వీపీఎన్ వాకిలి ఒక్కటే. తాళంచెవి ఉన్న ఫోన్ ఆ వాకిట్లోంచి లోపలికి వచ్చి, ఇంట్లో ఉన్నట్టే ఫోటోలు తెరుస్తుంది. దారిలో పోయే సమాచారమంతా సంకేత రూపంలో ఉంటుంది కాబట్టి హోటల్ వైఫై నడిపేవాడికి మీరేం చూస్తున్నారో తెలియదు.

ఒక ఇంటిని తీసుకుని చూద్దాం. రాజమండ్రిలో దంపతులు అమ్మాయి పురిటికి డాలస్ వెళ్తున్నారు. ఇంటికి ఫైబర్ కనెక్షన్ ఉంది, రెండు డిస్కుల సినాలజీ పెట్టె ఉంది. వాళ్లు వెళ్లాక ఇంటికి తాళం. ఈ తాళం సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు దానితో పని పడుతుంది.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని పెట్టె దగ్గర కాదు, రౌటర్ దగ్గర. బయటి నుంచి ఇంటికి రావాలంటే ఆ ఇంటికి ఇంటర్నెట్‌లో సొంత చిరునామా ఉండాలి. మన దగ్గర చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ చిరునామాను వందల ఇళ్లకు పంచుతున్నాయి. దీన్ని సీజీనాట్ అంటారు. అపార్ట్‌మెంట్ మొత్తానికీ ఒకే డోర్ నంబరు ఉండి, ఫ్లాట్ నంబరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం ఎవరికివ్వాలో తెలియక వెనక్కి తీసుకుపోతాడు కదా, ఇదీ అంతే. లోపలి నుంచి బయటకు వెళ్లే పనులన్నీ చక్కగా సాగుతాయి కాబట్టి ఈ లోటు ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు.

కనిపెట్టడం తేలిక. రౌటర్ పేజీలో `WAN IP` అని ఒక అంకె ఉంటుంది. అదే వైఫై మీద ఉన్న ఫోన్‌లో "what is my ip" అని వెతికితే బయటి లోకానికి కనిపించే అంకె తెలుస్తుంది. రెండూ ఒకటైతే మీ ఇంటికి సొంత చిరునామా ఉన్నట్టే. రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే అది సీజీనాట్. 10తో మొదలైనా దాదాపు అదే సంగతి. 192.168తో మొదలైతే, కంపెనీ బిగించిన పెట్టె ఒక రౌటర్‌గా, మీరు కొన్నది ఇంకో రౌటర్‌గా వరుసన పనిచేస్తున్నాయన్నమాట. అప్పుడు మొదటిదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించుకోవాలి.

సీజీనాట్ అని తేలితే మామూలు వీపీఎన్ సర్వర్ మీద ఎంతసేపు కూర్చున్నా ఫలితం ఉండదు. స్టాటిక్ ఐపీ ఇస్తారేమో కంపెనీనే అడగాలి, చాలామంది అదనపు రుసుముకు ఇస్తారు. లేదంటే టెయిల్‌స్కేల్ అనే ప్యాకేజీని పెట్టెలోనూ ఫోన్‌లోనూ వేసుకోవచ్చు. అది రెండు వైపుల నుంచీ బయటకు కనెక్షన్ తీసుకుని మధ్యలో కలుపుతుంది కాబట్టి పోర్ట్ తెరిచే పనే ఉండదు. అయితే ఎవరి పరికరం ఏదో గుర్తుపట్టి కలిపే పని ఆ కంపెనీ సర్వర్ల చేతిలో ఉంటుంది. సొంత చిరునామా దొరికే ఇంటికి నా ఓటు సొంత సర్వర్‌కే.

మన రాజమండ్రి ఇంటికి పబ్లిక్ చిరునామా ఉందనుకుందాం. కానీ అది స్థిరం కాదు, రౌటర్ ఆగి లేచినప్పుడల్లా మారొచ్చు. అందుకని పెట్టెలో `Control Panel`, `External Access`, `DDNS` అనే చోటికి వెళ్లి ఒక పేరు తీసుకోవాలి. సినాలజీ దీన్ని ఉచితంగానే ఇస్తుంది. చిరునామా మారినప్పుడల్లా ఆ పేరును కొత్త అంకెకు పెట్టే కలుపుకుంటుంది.

తర్వాత `Package Center`లో `VPN Server` వేసుకోవాలి. అందులో మూడు పద్ధతులు కనిపిస్తాయి. పీపీటీపీ పాతది, దాని సంకేత భాష ఎప్పుడో ఛేదించబడింది, ముట్టుకోవద్దు. మనకు కావలసింది ఓపెన్‌వీపీఎన్. దాన్ని ఆన్ చేసి, రౌటర్‌లో యూడీపీ 1194 పోర్ట్‌ను పెట్టె చిరునామాకు మళ్లించాలి. ఆ చిరునామా 192.168.1.20 అనుకుంటే, అది మారకుండా రౌటర్‌లోనే రిజర్వ్ చేయాలి. పెట్టెలో ఫైర్‌వాల్ వాడుతుంటే అక్కడా ఇదే పోర్ట్‌కు అనుమతి ఇవ్వాలి. 5000, 5001 పోర్టులు ఫోటోల పేజీవి, అవి రౌటర్‌లో మూసే ఉండాలి. ఈ కష్టమంతా అందుకోసమే.

వీపీఎన్ కోసం ప్రయాణపు ఖాతా ఒకటి విడిగా తెరవాలి. దానికి అడ్మిన్ హక్కులు ఉండకూడదు, ఫోటోలు చూసే హక్కు చాలు. `VPN Server`లోని `Privilege` పేజీలో ఆ ఒక్క పేరుకే టిక్ ఉంచి మిగతావి తీసేయాలి. ఇక `Export Configuration` నొక్కితే `VPNConfig.ovpn` అనే ఫైల్ వస్తుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఒక్క వరుస మార్చాలి. `YOUR_SERVER_IP` ఉన్నచోట మీరు తీసుకున్న పేరు రాయాలి:

```
remote mee-peru.synology.me 1194
#redirect-gateway def1
```

రెండో వరుస ముందున్న # గుర్తును అలాగే ఉంచండి. దాన్ని తీసేస్తే ఫోన్ చేసే ప్రతి పనీ, యూట్యూబ్‌తో సహా, డాలస్ నుంచి రాజమండ్రి వచ్చి మళ్లీ డాలస్ వెళ్తుంది. ఫోటోల కోసం అంత ప్రయాణం అక్కర్లేదు. ఈ ఫైల్‌ను ఫోన్‌లోని ఓపెన్‌వీపీఎన్ యాప్‌లో తెరిచి, ప్రయాణపు ఖాతా పాస్‌వర్డ్ ఇస్తే సరి.

పరీక్ష మాత్రం ఇంటి వైఫై మీద చేయకూడదు. వైఫై ఆపి మొబైల్ డేటాతో కలిపి చూడాలి. కలవకపోతే యాప్‌లోని లాగ్ దారి చూపిస్తుంది. `TLS key negotiation failed to occur within 60 seconds` అని ఉంటే మీ పిలుపు పెట్టెదాకా చేరలేదన్నమాట. తప్పు పోర్ట్ మళ్లింపులోనో, డీడీఎన్‌ఎస్ పేరులోనో, కనిపెట్టకుండా వదిలేసిన సీజీనాట్‌లోనో ఉంటుంది. `AUTH_FAILED` అని ఉంటే పిలుపు చేరింది, పాస్‌వర్డో హక్కో సరిగా లేదు. ఈ తేడా తెలిస్తే గంటల వెతుకులాట తప్పుతుంది.

ఇంతా చేసి డాలస్ చేరాక ఒక చిత్రం జరుగుతుంది. వీపీఎన్ కలిసిందని యాప్ చెబుతుంది. ఫోటోల యాప్‌లో ఎప్పటిలా 192.168.1.20 కొడితే ఏమీ రాదు, ఒక్కోసారి అల్లుడి ప్రింటర్ పేజీ తెరుచుకుంటుంది. కారణం, ఆ ఇంటి రౌటర్ కూడా 192.168.1 వరుస అంకెలనే పంచుతోంది. చాలా రౌటర్లు పుట్టుకతోనే ఆ వరుసతో వస్తాయి. ఫోన్ ఆ అంకె చూసి "ఇది ఈ ఇంట్లోదే" అనుకుంటుంది. విరుగుడు సులువు. వీపీఎన్ లోపల పెట్టెకు ఇంకో చిరునామా ఉంటుంది, మామూలుగా 10.8.0.1. ఫోటోల యాప్‌లో దాన్నే వాడాలి. దీనివల్ల ఇంకో మేలూ ఉంది. `Allow clients to access server's LAN` అనే టిక్ అక్కర్లేదు కాబట్టి వీపీఎన్‌లోకి వచ్చిన ఫోన్‌కు పెట్టె తప్ప ఇంట్లోని కెమెరా, టీవీ వంటివేవీ అందుబాటులో ఉండవు.

వేగం దగ్గర లెక్క తిరగబడుతుంది. మనం అక్కడ డౌన్‌లోడ్ చేసేది ఇంటి కనెక్షన్‌కు అప్‌లోడ్. ప్లాన్‌లో పెద్ద అక్షరాలతో రాసిన డౌన్‌లోడ్ వేగంతో పని లేదు. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అయితే 4 ఎంబీ ఫోటో రెండు సెకన్లలోపే వస్తుంది. ఐఫోన్‌లో తీసిన ఒక నిమిషం 4కే వీడియో దాదాపు 170 ఎంబీ ఉంటుంది, దానికి నిమిషం పైనే పడుతుంది. డాలస్ దూరం వల్ల, పెట్టె ప్రాసెసర్ బలహీనత వల్ల ఇంకాస్త ఎక్కువే కావచ్చు. అందుకే ముందు చిన్న బొమ్మలు చూసి, కావలసినదాన్నే పెద్దదిగా తెరవడం మంచి అలవాటు.

ఇప్పుడు ఇంటి తాళం సంగతి. రాజమండ్రిలో కరెంటు పోతే పెట్టె ఆగిపోతుంది, తిరిగి నొక్కేవాళ్లు లేరు. పెట్టెలోని `Hardware & Power` పేజీలో కరెంటు రాగానే తనంతట తాను లేచే సెట్టింగ్ ఉంది, దాన్ని ఆన్ చేయాలి. ఫైబర్ పెట్టె, రౌటర్, స్టోరేజీ పెట్టె మూడింటినీ ఒకే యూపీఎస్ మీద పెడితే చిన్న కోతలు తెలియనే తెలియవు. బయల్దేరే ముందు మెయిన్ స్విచ్ ఆపి వేసి, అన్నీ వాటంతటవే లేచాక మొబైల్ డేటాతో మళ్లీ కలిపి చూడాలి. ఇంటికి తాళం వేసేటప్పుడు అలవాటుగా మెయిన్ కట్టేయకూడదని ఇద్దరికీ గుర్తుండాలి కూడా.

ఈ వాకిలి అన్ని చోట్ల నుంచీ తెరుచుకోదు. చైనాలో ఓపెన్‌వీపీఎన్ ప్రవాహాన్ని గుర్తుపట్టి ఆపేస్తారు. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు వీపీఎన్ వాడకంపై అక్కడి నిబంధనలు ముందే తెలుసుకోవాలి. ఇక డిస్కు చెడిపోతే వీపీఎన్ ఏమీ చేయలేదు, ఫోటోల మరో ప్రతి ఇంకోచోట ఉండి తీరాలి.

ఫోన్ పోతే? ఆ ఫైలూ, దాచుకున్న పాస్‌వర్డూ దానితోపాటే పోతాయి. అందుకే బయల్దేరే ముందు నమ్మకమైన ల్యాప్‌టాప్‌లో రెండో వీపీఎన్ ఖాతా ఒకటి సిద్ధం చేసుకోవాలి. ఫోన్ పోయిన రోజున ల్యాప్‌టాప్‌లో ఆ రెండో ఖాతాతో వీపీఎన్ కలిపి, అడ్మిన్‌గా పెట్టెలోకి వెళ్లి, `Privilege` పేజీలో ప్రయాణపు ఖాతా పక్కనున్న టిక్ తీసేయాలి. ఆ ఖాతా పాస్‌వర్డ్ కూడా అప్పుడే మార్చాలి. `Connection List`లో ఆ ఖాతా ఇంకా కలిసి ఉంటే అక్కడే తెంచేయాలి.