200 టన్నుల క్రేన్‌కి 34 టన్నులు ఎందుకు భారం?

క్రేన్ ఒంటి మీద పెద్ద అక్షరాలతో 200 టన్నులు అని రాసి ఉంటే, దారిన పోయేవాళ్లు అది అంత బరువూ ఎత్తిపడేస్తుందనే అనుకుంటారు. రాసింది అబద్ధం కాదు. కాకపోతే అది, బరువు క్రేన్‌కి దాదాపు ఆనుకుని, సుమారు 3 మీటర్ల దూరంలో ఉన్నప్పటి లెక్క. అంత దగ్గర పెట్టుకుని ఎత్తే పని సైట్‌లో దాదాపు ఉండదు. కొంచెం దూరం జరిగితే అదే క్రేన్ సత్తా 50 టన్నులకు, ఇంకాస్త జరిగితే 40కి పడిపోతుంది. ఫ్లైఓవర్ గర్డర్‌ను పైకెక్కించే రాత్రికి ముందు ఇంజినీర్లు తయారుచేసే లిఫ్ట్ ప్లాన్ మొదలయ్యేది ఈ తేడా దగ్గరే.

ఒక గర్డర్‌ను తీసుకుని చూద్దాం. రద్దీ రోడ్డు మీద ఫ్లైఓవర్ కడుతున్నారు. రెండు పిల్లర్ల మధ్య దూరం 30 మీటర్లు. యార్డులో ముందే పోతపోసిన కాంక్రీట్ గర్డర్ ట్రెయిలర్ మీద వచ్చింది. దాని అడ్డుకోత వైశాల్యం 0.8 చదరపు మీటర్లు అనుకుంటే, 30 మీటర్ల పొడవుకు 24 ఘనపు మీటర్ల కాంక్రీట్. ఇనుముతో కలిపి ఘనపు మీటరుకు రెండున్నర టన్నులు వేసుకుంటే బరువు 60 టన్నులు. దీన్ని రెండు చివర్ల దగ్గర పట్టుకుని రెండు 200 టన్నుల క్రేన్లు ఎత్తాలి.

చెరి సగం కాబట్టి 30 టన్నులే కదా అనిపిస్తుంది. ప్లాన్ రాసేవాడు అక్కడ ఆగడు. క్రేన్ కొక్కెం బరువు, వైరు స్లింగులు, షాకిళ్లు అన్నీ ఎత్తే బరువులోకే వస్తాయి. వాటికి ఒక్కో వైపు రెండున్నర టన్నులు. పోత పోసేటప్పుడు షట్టరింగ్ కాస్త ఉబ్బినా గర్డర్ డ్రాయింగ్‌లో కంటే లావుగా వస్తుంది, అందుకు 5 శాతం. మొత్తం ఒక్కో క్రేన్ మీద 34 టన్నులు తేలింది. రెండు క్రేన్లు కలిసి ఎత్తేటప్పుడు ఒకటి కాస్త ముందు లేచినా, ఒకటి కాస్త పక్కకు లాగినా బరువు రెండోదాని మీదకు మొగ్గుతుంది. అందుకే జంట లిఫ్టుల్లో ఒక్కో క్రేన్‌ను దాని సామర్థ్యంలో 75 శాతానికి మించి వాడకూడదన్నది వాడుకలో ఉన్న కట్టుబాటు. 34 టన్నులు ఆ హద్దులో ఉండాలంటే, ఆ దూరంలో క్రేన్ సత్తా కనీసం 46 టన్నులు ఉండాలి.

దూరం అన్నప్పుడు దేని నుంచి దేనికి? క్రేన్ తిరిగే ఇరుసు మధ్య నుంచి కొక్కెం వేలాడే చోటు వరకు, నేల మీద కొలిచిన దూరం. దీన్నే రేడియస్ అంటారు. నీళ్ల బిందెను ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ చేయి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడాయే ఇక్కడా. మన ఉదాహరణలో క్రేన్ చార్ట్ 12 మీటర్ల దగ్గర 50 టన్నులు, 14 మీటర్ల దగ్గర 41 టన్నులు చూపిస్తోందనుకుందాం. చాలామంది తప్పటడుగు వేసేది ఏ రేడియస్ చూడాలన్న దగ్గర. ట్రెయిలర్ మీంచి గర్డర్ లేచేటప్పుడు బూమ్ దగ్గరగానే ఉంటుంది. దాన్ని తిప్పి పిల్లర్ మీదకు చేర్చేటప్పుడు దూరం పెరుగుతుంది. కాబట్టి దారి పొడవునా వచ్చే అతి పెద్ద రేడియస్‌ను పట్టుకోవాలి. పైగా బరువు పడగానే బూమ్ ముందుకు వంగుతుంది, దాంతో కాగితం మీది 12 మీటర్లు కొద్దిగా పెరుగుతుంది. 12 మీటర్ల దగ్గర 34 టన్నులంటే 68 శాతం. ఆ కాస్త పెరుగుదలను తట్టుకునే చోటు ఉంది. ప్లాన్ కుదిరినట్టే కనిపించింది.

అప్పుడు నేల చూడటానికి వెళ్లారు.

క్రేన్ నిలబడాల్సిన చోటు పిల్లర్ పక్కనే. నిజానికి అంతకంటే అనుమానించాల్సిన చోటు సైట్‌లో మరొకటి ఉండదు. పిల్లర్ కింద పైల్ క్యాప్ వేయడానికి కొన్ని నెలల ముందు అక్కడే లోతుగా తవ్వి, తర్వాత మట్టితో పూడ్చి ఉంటారు. పైన గ్రావెల్ పరిచి రోలర్ తిప్పితే గట్టి నేలలాగే కనిపిస్తుంది. కింద మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టారో, జేసీబీతో ఒక్కసారిగా తోసేశారో పైకి తెలియదు. తెలుగు నేలలో చాలాచోట్ల ఉన్న నల్లరేగడి అయితే మరీ జాగ్రత్త. ఎండలో రాయిలా ఉండి, ఒక్క వానకే పట్టు వదిలేస్తుంది.

క్రేన్ పని చేసేటప్పుడు టైర్ల మీద నిలబడదు. నాలుగు వైపులా కాళ్లు చాచి, జాకీలతో ఒళ్లు పైకెత్తుకుంటుంది. ఆ కాళ్లే అవుట్‌రిగ్గర్లు. క్రేన్ సొంత బరువు, వెనక కౌంటర్‌వెయిట్, కొక్కేనికి వేలాడే 34 టన్నులు కలిపితే ఈ ఉదాహరణలో 166 టన్నులు. అది నాలుగు కాళ్లకూ సమానంగా పంచుకోబడదు. బూమ్ ఒక కాలి మీదుగా తిరిగినప్పుడు ఆ ఒక్కదాని మీదే 80 టన్నులు పడుతుందనుకోండి. కాలి అడుగున క్రేన్‌తో వచ్చిన పళ్లెం 60 సెంటీమీటర్ల చదరం. అంటే చదరపు మీటరుకు 220 టన్నుల పైన ఒత్తిడి. నేల మోయగలిగేది చదరపు మీటరుకు 15 టన్నులే అయితే ఆ పళ్లెం మేకులా దిగిపోతుంది. రెండున్నర మీటర్ల చదరపు మ్యాట్ వేస్తే ఒత్తిడి 13 టన్నులకు దిగుతుంది. ఆ మ్యాట్ వంగనంత మందంగా ఉండాలి. పల్చటి రేకు వేస్తే అది మధ్యలో సొట్ట పడి, ఆ సొట్ట మేరకే బరువు మోస్తుంది. అంచులు గాలిలో ఉన్నట్టే.

కాలు ఎంత దిగితే ప్రమాదం? కూలేంత దిగనక్కర్లేదు. బూమ్ కొన 30 మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు క్రేన్ ఒక్క డిగ్రీ ముందుకు ఒరిగితే కొన అర మీటరు ముందుకు పోతుంది. రేడియస్ పెరుగుతుంది. రేడియస్ పెరిగితే ఆ కాలి మీద భారం పెరుగుతుంది, కాలు ఇంకా దిగుతుంది. ఇలా ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పోతాయి. నెదర్లాండ్స్‌లో ఆల్ఫెన్ ఆన్ డెన్ రైన్ అనే ఊళ్లో 2015 ఆగస్టు 3న వంతెన భాగాన్ని ఎత్తుతున్న రెండు క్రేన్లు ఒడ్డునున్న ఇళ్ల మీద పడ్డాయి. అవి నిలబడింది నేల మీద కాదు, నీటి మీద తేలే బార్జీల మీద. మనుషుల ప్రాణాలు పోకపోవడం అదృష్టమనే చెప్పాలి. బార్జీ, క్రేన్ కలిసి ఉన్నప్పటి నిలకడను సరిగా లెక్కించలేదనీ, చుట్టుపక్కల వాళ్లకు ఉన్న ముప్పును పట్టించుకోలేదనీ డచ్ భద్రతా మండలి దర్యాప్తులో తేలింది.

మన సైట్‌కి వద్దాం. పూడ్చిన గోతికి తోడు, ఒక అవుట్‌రిగ్గర్ రావాల్సిన చోట పలకలు కప్పిన మురుగు కాలువ కూడా బయటపడింది. సులువైన దారి క్రేన్‌ను 2 మీటర్లు వెనక్కి జరపడం. జరిపితే రేడియస్ 14 మీటర్లు, సత్తా 41 టన్నులు, వాడకం 83 శాతం. కట్టుబాటు దాటిపోయింది. పెద్ద క్రేన్ తెప్పిస్తే? దాని సొంత బరువు ఎక్కువ, నేల మీద భారం ఇంకా పెరుగుతుంది. నేల కోసం వెనక్కి జరిగితే రేడియస్ ఒప్పుకోదు, రేడియస్ కోసం పెద్ద క్రేన్ తెస్తే నేల ఒప్పుకోదు. ఇక్కడ తేలింది ఏమిటంటే, క్రేన్‌ను వెనక్కి కాకుండా కాలువకు సమాంతరంగా పక్కకు జరిపి, 12 మీటర్ల దూరాన్ని నిలబెట్టుకోవడం. గోతిలోని మట్టిని తవ్వి తీసి పొరలుగా మళ్లీ దట్టించి, ప్లేట్ లోడ్ పరీక్ష చేసి, దానిపై మ్యాట్లు వేయడం. నాలుగైదు రోజుల పని. షెడ్యూల్ చూసుకునే మేనేజర్‌కు ఇది మింగుడుపడదు. లిఫ్ట్ ప్లాన్ మీద సంతకం పెట్టేవాడికి ధైర్యం అవసరమయ్యేది క్రేన్ కింద కాదు, ఈ మీటింగులో.

ఎత్తే రాత్రి గర్డర్‌ను ట్రెయిలర్ మీంచి ముందు జానెడు మాత్రమే లేపి కొన్ని నిమిషాలు ఆపుతారు. ఒకరు అవుట్‌రిగ్గర్ల దగ్గర మ్యాట్లు దిగుతున్నాయా అని చూస్తారు, ఒకరు నీటిమట్టం బుడగను చూస్తారు. ఆపరేటర్ క్యాబిన్‌లో లోడ్ మీటర్ 34కి బదులు 38 చూపిస్తే గర్డర్‌ను తిరిగి దించాల్సిందే. చాలా క్రేన్లలో ఆ మీటర్ హెచ్చరికను దాటేసే తాళంచెవి ఒకటి ఉంటుంది. అది ఎవరి జేబులో ఉందన్నది అడిగి తెలుసుకోవాల్సిన విషయమే. ఇంకో సంగతి, మీటర్‌కు బరువూ బూమ్ కోణమూ తెలుస్తాయి కానీ నేల సంగతి తెలియదు. కౌంటర్‌వెయిట్ ఎంత పెట్టారన్నది ఆపరేటర్ తప్పుగా నొక్కితే అది ఆ తప్పునే నమ్ముతుంది.

రెండు క్రేన్లకూ సైగ చేసేది ఒక్కడే. ఆపరేటర్లిద్దరూ ఒకరినొకరు చూసుకోలేరు, గర్డర్ అవతలి చివర ఏం జరుగుతోందో తెలియదు. సైట్‌లో ఒకాయన ఒడిశా నుంచి, ఒకాయన బిహార్ నుంచి, సిగ్నల్‌మన్ శ్రీకాకుళం నుంచి వచ్చి ఉండొచ్చు. పాత ఖలాసీలు దించమనడానికి “ఆరియా” అంటారు, కొత్తవాళ్లు “స్లో డౌన్” అంటారు. అందుకే పని మొదలయ్యే ముందు ఏ సైగకు ఏ అర్థమో అందరూ కలిసి చేసి చూసుకోవాలి. వాకీటాకీలో మాట్లాడుతున్నప్పుడు సిగ్నల్‌మన్ నోరు ఆగకూడదు. “దించు, దించు, దించు” అంటూనే ఉండాలి. మాట తెగిందంటే బ్యాటరీ పోయిందో, ఆయనే పడిపోయాడో తెలియదు కనుక, నిశ్శబ్దం వినిపించగానే ఆపరేటర్ ఆపేయాలి. ఎత్తమనే అధికారం ఒక్కడిదే. ఆపమనే అధికారం మాత్రం అక్కడున్న అందరిదీ, తాడు పట్టుకున్న హెల్పర్‌తో సహా.

ఇక మనుషులను ఎంత దూరంలో ఉంచాలి? గర్డర్ నీడ పడే చోటు ఖాళీ చేస్తే చాలనుకుంటే పొరపాటు. 30 మీటర్ల గర్డర్ ఒక చివర జారితే రెండో చివర ఎటు విసురుతుందో చెప్పలేం. బూమ్ పడితే దాని పొడవంతా పడుతుంది. క్రేన్ వెనక కౌంటర్‌వెయిట్ తిరిగేటప్పుడు గోడకూ దానికీ మధ్య ఇరుక్కుని పోయినవాళ్లూ ఉన్నారు, కాబట్టి అక్కడా బారికేడ్ కావాలి. కింది రోడ్డు పూర్తిగా మూసేయాలి. పక్కన దుకాణం మేడ మీద పడుకునేవాళ్లను కూడా ఆ రాత్రికి వేరే చోటికి పంపాలి. ఫోన్లు పట్టుకుని వీడియో తీయడానికి వచ్చేవాళ్లను ఆపడానికి ఇద్దరు మనుషులు విడిగా కావాలి. ప్లాన్లలో ఎక్కువగా మరిచిపోయేది వాళ్లనే.

గర్డర్ పిల్లర్ మీద కూర్చోగానే పని అయిపోయినట్టు అందరికీ అనిపిస్తుంది. పొడుగ్గా, సన్నగా, నిటారుగా ఉన్న గర్డర్ ఒంటరిగా కూర్చున్నప్పుడు పక్కకు దొర్లిపోయే వీలుంది. 2018 మే 15న వారణాసిలో నిర్మాణంలో ఉన్న ఫ్లైఓవర్ బీములు కింద కదులుతున్న వాహనాల మీద పడి 15 మందికి పైగా చనిపోయారు. ఆ రోజు క్రేన్ ఎత్తుతూ ఉండగా జరిగింది కాదది. బీములు అప్పటికే పైన ఉన్నాయి, వాటిని ఒకదానితో ఒకటి కట్టే అడ్డ బీములు సరిగా లేవు, కింద రోడ్డు తెరిచే ఉంది. అందుకని మన ప్లాన్‌లో చివరి పేజీలో ఇలా ఉంటుంది: రెండు చివర్లా ఇనుప బ్రేసింగ్ బిగించి, ఇంజినీర్ స్వయంగా పట్టుకుని చూసే దాకా స్లింగులు విప్పకూడదు. రెండో గర్డర్ వచ్చి దానితో కలిపి కట్టే దాకా కింది రోడ్డు మీదకు ఒక్క బండిని కూడా వదలకూడదు.