మెయిల్ తెరిచారని చెప్పేసే చుక్క

పండగ సేల్ పేరుతో ఒక బట్టల షాపు నుంచి మెయిల్ వచ్చిందనుకుందాం. పైన చీరల ఫొటోలు, మధ్యలో తగ్గింపు ధరలు, కింద కొనమని చెప్పే బటన్. ఇవి కాక, ఆ మెయిల్ అడుగున కంటికి ఆనని బొమ్మ ఇంకొకటి ఉంటుంది. వెడల్పు ఒక పిక్సెల్, ఎత్తు ఒక పిక్సెల్, రంగంటూ ఏమీ లేదు. ఫైల్‌గా చూస్తే చాలాసార్లు 43 బైట్లే. చూడటానికి పెట్టిన బొమ్మ కాదది. మెయిల్ ఎవరు, ఎప్పుడు తెరిచారో పంపినవాళ్లకు తెలియడానికి పెట్టింది. దీన్నే ట్రాకింగ్ పిక్సెల్ అంటారు.

అందులో కిటుకంతా బొమ్మ ఎక్కడుందన్న దాంట్లోనే ఉంది. ఫొటోను మెయిల్‌లోనే జతచేసి పంపితే, అది మెయిల్‌తో పాటే వచ్చేస్తుంది, తెరిచినప్పుడు బయటికి కబురు పోదు. ప్రచార మెయిళ్లలో ఎక్కువగా బొమ్మ బదులు దాని అడ్రస్ మాత్రమే ఉంటుంది. మెయిల్ తెరవగానే ఫోనో కంప్యూటరో ఆ అడ్రస్‌కు వెళ్లి బొమ్మను అడిగి తెచ్చుకుంటుంది. పిక్సెల్ విషయంలో ఆ లైను ఇలా ఉంటుంది:

```
<img src="https://mail.example.com/o/8f3a91c2.gif" width="1" height="1" alt="">
```

ఇందులో 8f3a91c2 అన్న ముక్కే అసలు సంగతి. లక్షమందికి మెయిల్ పంపితే లక్ష వేర్వేరు ముక్కలు తయారవుతాయి. ఏ ముక్క ఏ ఈమెయిల్ అడ్రస్‌దో షాపు తరఫున మెయిళ్లు పంపే కంపెనీ దగ్గర పట్టిక ఉంటుంది. రాత్రి పదిన్నరకు ఒకావిడ ఆ మెయిల్ తెరిచిందంటే, అవతలి సర్వర్‌లో ఇలాంటి వరస ఒకటి పడుతుంది:

```
203.0.113.25 [12/Aug/2025:22:31:07 +0530] "GET /o/8f3a91c2.gif" 200 43 "Mozilla/5.0 (Linux; Android 14)"
```

ఆ ఒక్క వరసలో ఆవిడ ఇంటర్నెట్ కనెక్షన్ నంబరు ఉంది, సెకనుతో సహా సమయం ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్ వాడుతోందన్న సంగతీ ఉంది. నంబరును బట్టి ఊరు ఏదై ఉంటుందో ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. మర్నాడు ఆఫీసు కంప్యూటర్‌లో అదే మెయిల్ మళ్లీ తెరిస్తే ఇంకో వరస చేరవచ్చు. ఇలా వారాల తరబడి పోగైతే, ఆవిడ ఏ వేళప్పుడు ఫోన్ చూస్తుంది, ఏ సరుకు మెయిల్ అయితే తెరుస్తుంది అన్న లెక్క తయారవుతుంది. రిజిస్టర్ పోస్టు వస్తే అందినట్టు సంతకం పెడతాం, పెడుతున్నామని మనకు తెలుసు. ఇక్కడ సంతకం పడిపోతుంది గానీ, పెట్టినవాళ్లకు కబురుండదు.

ఇది అమ్మకాలతోనే ఆగలేదు. 2006లో అమెరికాలో హెచ్‌పీ కంపెనీ బోర్డు సమావేశాల సంగతులు పత్రికలకు పొక్కుతుంటే, ఆ లీకులను ఆరా తీయడానికి కంపెనీ మనుషులు సీనెట్ విలేకరి డాన్ కవమోటోకు ఉత్తుత్తి పేరుతో ఒక మెయిల్ పంపారు. దానికి జతచేసిన ఫైల్‌లో ఆచూకీ చెప్పే ఏర్పాటు పెట్టారు. ఆమె దాన్ని తనకు సమాచారం ఇస్తున్న మనిషికి పంపితే, ఆ మనిషి ఎవరో బయటపడతారన్నది వాళ్ల ఎత్తు. విషయం అమెరికా పార్లమెంటు విచారణ దాకా వెళ్లింది. మెయిల్‌ను ఇంకొకరికి ఫార్వర్డ్ చేసినప్పుడు పిక్సెల్ కూడా వెంట వెళ్లగలదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సంగతి. స్నేహితురాలు ఆ మెయిల్ తెరిచినా, పట్టికలో పడేది మొదట అందుకున్నావిడ పేరు మీదే.

పైగా కబురు షాపుకే పోతుందన్న భరోసా లేదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వందల వెబ్‌సైట్ల మెయిళ్లకు పేరు నమోదు చేసి, వచ్చిన వాటిని పరిశీలించారు. 2018లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం దాదాపు 29 శాతం మెయిళ్లు, తెరిచినంత మాత్రాన, అందుకున్నవారి ఈమెయిల్ అడ్రస్‌ను సంబంధం లేని మూడో కంపెనీ ఒకదానికైనా చేరవేశాయి. అడ్రస్‌ను ఉన్నదున్నట్టుగానో, సంకేతాక్షరాలుగా మార్చో బొమ్మ లింకులోనే ఇరికించి పంపడం వల్ల ఇది సాధ్యమైంది.

జీమెయిల్ వాడేవాళ్లకు ఈ బెడద లేదని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. 2013 డిసెంబరు నుంచి జీమెయిల్ బొమ్మలను తన సర్వర్ల ద్వారా తెప్పించి చూపిస్తోంది. దాంతో షాపు లాగ్‌లో ఆవిడ కనెక్షన్ నంబరు బదులు గూగుల్‌ది, ఫోన్ వివరాల బదులు GoogleImageProxy అన్న పేరు పడతాయి. ఊరూ ఫోనూ దాగాయి. కానీ బొమ్మ లింకులోని 8f3a91c2 మాత్రం అలాగే వెళ్తుంది, అదీ ఆవిడ మెయిల్ తెరిచినప్పుడే. అంటే తెరిచిందన్న సంగతీ, తెరిచిన వేళా తెలిసిపోయినట్టే. ఆపిల్ 2021లో ఐఓఎస్ 15తో ఇంకో దారి పట్టింది. తన మెయిల్ యాప్‌లో ఆ రక్షణను ఆన్ చేసుకున్నవారికి, మెయిల్ తెరిచినా తెరవకపోయినా బొమ్మలను ముందుగానే తన సర్వర్ల గుండా తెప్పిస్తుంది. అందరూ అన్నీ తెరిచినట్టే లెక్క వస్తుంది కాబట్టి ఆ లెక్కకు విలువ పోయింది.

బొమ్మలను అసలు రానివ్వకపోవడం ఈ రెండిటికన్నా సూటిగా పనిచేస్తుంది. అడగడమే జరగదు కాబట్టి లాగ్‌లో వరసే పడదు. జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి, See all settings లో General కింద Images దగ్గర Ask before displaying external images ఎంచుకుని, అడుగున Save Changes నొక్కాలి. థండర్‌బర్డ్ ఎలాగూ మొదటి నుంచీ బయటి బొమ్మలను అడ్డుకునే ఉంటుంది. స్పామ్ పంపేవాళ్ల విషయంలో దీని మేలు ఇంకా ఎక్కువ. ఊహించి పంపిన అడ్రస్ వెనక మనిషి ఉన్నాడని బొమ్మ ద్వారా రూఢి చేసుకునే అవకాశం వాళ్లకు ఉండదు.

నష్టం లేకపోలేదు. ప్రచార మెయిళ్లు ఖాళీ గళ్లతో బోసిగా కనిపిస్తాయి. కొన్ని టికెట్ల క్యూఆర్ కోడ్ కూడా బొమ్మగానే వస్తుంది కాబట్టి దాన్ని చూడాలంటే ఒప్పుకోక తప్పదు. ఒక్కసారి Display images below నొక్కితే చీరల ఫొటోలతో పాటు పిక్సెల్ కూడా వచ్చేస్తుంది, ఒకటి తీసుకుని ఇంకొకటి వద్దనే వీలు అక్కడ లేదు. అందుకని ఆ మెయిల్ వరకే ఒప్పుకుని, ఆ కంపెనీ పంపేవన్నీ ఎప్పుడూ చూపమనే అవకాశాన్ని వదిలేయడం మంచిది. కొన్ని కంపెనీలు, తెరవడం లేదనుకుని, ఇంకా మెయిళ్లు కావాలా అని అడుగుతూ రాస్తాయి. బదులివ్వకపోతే జాబితా నుంచి తీసేసేవాళ్లూ ఉన్నారు. అది నష్టమో లాభమో ఎవరికి వారు తేల్చుకోవచ్చు.

పిక్సెల్ ఉందో లేదో స్వయంగా చూడాలనుకుంటే, జీమెయిల్‌లో మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి Show original తెరవాలి. అక్కడ width="1" అని వెతికితే చాలాసార్లు దొరకదు, ఎందుకంటే మెయిల్ పంపే పద్ధతిలో సమాన గుర్తు =3D గా మారుతుంది. `width=3D"1"` అని వెతకాలి. మెయిల్ మొత్తాన్నీ బేస్‌64లో పంపి ఉంటే అర్థం కాని అక్షరాల దండే కనిపిస్తుంది, అలా వెతికి లాభం లేదు. పైగా ఒక పిక్సెల్ బొమ్మ కనబడనంత మాత్రాన నిశ్చింత లేదు. షాపు లోగో లింకుకే ఆ గుర్తు ముక్కను తగిలించి అదే పని చేయించొచ్చు.

బొమ్మలు ఆపడం ఒక్క చోట మాత్రం అక్కరకు రాదు. మెయిల్‌లోని బటన్ నొక్కితే, ఆ లింకులోనూ ఆవిడ గుర్తు ముక్క ఉంటుంది. అక్కడ జీమెయిల్ తెర అడ్డు ఉండదు, ఆవిడ బ్రౌజరే నేరుగా వెళ్తుంది కాబట్టి కనెక్షన్ నంబరు, ఫోన్ వివరాలు అన్నీ వెంట వెళ్తాయి. చీర నిజంగా కావాలనుకుంటే ఆ బటన్ జోలికి పోకుండా, షాపు వెబ్‌సైట్ అడ్రస్‌ను బ్రౌజర్‌లో తనే టైప్ చేసుకుని వెళ్లాలి.